బావ చెప్పిన షేరు

మా ఇంట్లో పెద్దల్లుడి మాటకు ఎదురు చెప్పే హక్కు ఒక్కరికే ఉంది. అది మరదలికి, అంటే నాకు. అదీ నవ్వుతూనే చెప్పాలి. అక్క పెళ్లయిన నాటి నుంచి బావను ఆట పట్టించడం నా పని. నెత్తి మీద జుట్టు పలచబడ్డా, కొత్త బండిని మొదటి రోజే గుంతలో పడేసినా, నేను వదిలిపెట్టింది లేదు. నాయిన మాత్రం అల్లుడు గడపలోకి వస్తే ఈ వయసులో కూడా మంచం మీద నుంచి లేచి నిలబడతాడు. అల్లుడు ఏదైనా చెబితే ‘ఎందుకు’ అని అడగడం మా వైపు మర్యాద కాదు. అందుకే ఆ షేరు గురించి అడగవలసిన ప్రశ్నలన్నీ నేను పరాచికంగానే అడిగాను. నవ్వుతూ అడిగాను కానీ ఆ వారమంతా అన్నం సహించలేదు.

మొదలైంది శామీర్‌పేటలో, బావ వాళ్ల చుట్టాల ఇంట్లో పసిబిడ్డను తొట్టెలలో వేసిన రోజు. టెంటు కింద అందరం చేపల కూరతో తింటున్నాం. బావ మచ్చ బొల్లారంలో ఉంటాడు, కుత్బుల్లాపూర్ వైపు ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. చేయి కడుక్కుని వచ్చి, నాయిన పక్కన కుర్చీ లాక్కుని, ఫోను తీసి చూపించాడు.

“మామా, గీ కంపెనీ సూడు. నేను కొన్నప్పటి సంది రోజు ఐదు శాతం పెరుగుతాంది. ఒక్కనాడు గూడ తగ్గలే.”

నాయినకు షేర్లంటే తెలియదు. గౌడవెల్లిలో జీవితమంతా బర్రెలు కాసి పాలు పోసినవాడు. మేత దొరికే బీళ్లన్నీ ప్లాట్లయ్యాయి, చేతి కీళ్లు పాలు పిండనివ్వడం లేదు, అందుకని ఆ ఏడాదే ఉన్న బర్రెలన్నీ అమ్మేశాడు. ఆ డబ్బు బ్యాంకులో డిపాజిట్ వేయించింది నేనే. నాయిన, అమ్మ ఇక బతకవలసింది దాని మీదే. ఇంకో ఆధారం లేదు. ఆ సంగతి టెంటు కింద ఉన్న చుట్టాలందరికీ తెలుసు, బావకూ తెలుసు.

“బ్యాంకుల ఏమొస్తది మామా. గీ రెండు మూడు నెలలు గిండ్ల వెట్టు. డబుల్ అయితది,” అన్నాడు బావ.

పది మంది చూస్తుండగా నాయిన తల ఊపాడు. “అల్లుడు చెప్పినంక ఇగ ఏముంది. చిన్నబిడ్డకు గా అకౌంటేదో ఉన్నదంట, దాంట్లకెల్లి కొనమంట.”

ఆ చిన్నబిడ్డను నేనే. మేడ్చల్లో ఒక దాణా దుకాణంలో లెక్కలు రాస్తాను. నెలనెలా మిగిలిన కాస్త డబ్బుతో ఒకటీ అరా షేరు కొనుక్కుంటూ ఉంటాను, పెద్ద తెలివితేటలేమీ లేవు. నా చేతిలోని అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నలుగురిలో ఇచ్చిన మాట నాయిన వెనక్కి తీసుకోడు. ఆ మాట నిలబెట్టవలసింది నా ఫోనులో, నా వేలితో.

“బావా, గంత మంచి షేరు దొరికితె నువ్వే మొత్తం కొనుక్కోక మాకెందుకు జెప్తున్నవ్? నీకు మా మీద గంత ప్రేమెప్పటి సంది?” అన్నాను.

అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. నవ్వుతూనే ఫోను జేబులో వేసుకుని మాట మార్చాడు. అది నేను గమనించాను.

సోమవారం నాయిన బ్యాంకుకు వెళ్లి డిపాజిట్ విరగ్గొట్టి డబ్బు నా ఖాతాలో వేయించాడు. మెసేజ్ వచ్చినప్పుడు దుకాణంలో ఉన్నాను. నాది కాని డబ్బు నా ఖాతాలో అంత పెద్ద అంకెగా కనబడేసరికి ఫోను బోర్లా పెట్టేశాను. కొనకపోతే అల్లుడిని అవమానించినట్టు. కొనక ఆ షేరు పెరిగితే జన్మంతా సాధింపు. కొన్నాక పోతే ముసలివాళ్ల కంచంలోది నేను తీసేసినట్టు. ఎటు చూసినా నా మీదికే వస్తోంది.

చివరికి నాకు చేతనైన తొండి చేశాను. ఎక్కువ కాకుండా, నా సొంత డబ్బుతో ఇరవై షేర్లకు ఆర్డర్ పెట్టి, “పెట్టిన బావా” అన్నాను. ఎన్ని పెట్టానో చెప్పలేదు. దేవుడి దయ వల్ల ఆ ఇరవై కూడా దొరకలేదు. ఒక రోజులో ధర ఇంతకు మించి పెరగకూడదు, తగ్గకూడదు అని ఎక్స్ఛేంజ్ ఒక గీత గీస్తుంది. ఈ షేరుకు ఆ గీత ఐదు శాతం. పొద్దున మార్కెట్ తెరవగానే ధర పై గీతకు అంటుకుంటోంది. కొంటామనేవాళ్లు వరసలో లక్షల కొద్దీ, అమ్ముతామనేవాళ్లు సున్న. మంగళవారమూ అంతే.

“సూసినవా డిమాండు,” అన్నాడు బావ ఫోనులో, పొంగిపోతూ.

“సూసిన. నీ పెండ్లప్పుడు గూడ గింత డిమాండు లేకుండె,” అన్నాను. ఫోను పెట్టేశాక ఆ వరసను మళ్లీ చూశాను. అమ్మేవాడే లేని సరుకుకు ధర పెరిగిందంటే, అది ధరేనా? నలుగురు కూడబలుక్కుని తమలో తాము చిన్న చిన్నగా కొనుక్కుంటూ అమ్ముకుంటూ పోయినా ఆ గీత రోజూ పైకే కదులుతుంది కదా.

బుధవారం మధ్యాహ్నం దుకాణం ఖాళీగా ఉండే వేళ ఎక్స్ఛేంజ్ వెబ్‌సైట్ తెరిచి ఆ కంపెనీ పేరు కొట్టాను. అక్కడ అందరూ చూడగలిగేవే చూశాను, రహస్యాలేమీ కావు. మూడు నెలలకోసారి కంపెనీ దాఖలు చేసే ఫలితాల్లో అమ్మకాలు దాదాపు లేవు. మా దాణా దుకాణం బేరం దానికంటే నయం. ఆ కంపెనీ ఇదివరకు నూలు వ్యాపారం అని చెప్పుకుంది, ఈ మధ్యే పేరు మార్చుకుని సోలార్ అంటోంది. పెద్ద ఆర్డర్ వచ్చిందని ప్రకటించింది కానీ ఇచ్చింది ఎవరో, ఎప్పటికి పూర్తి చేయాలో లేదు. ఎవరి దగ్గర ఎంత వాటా ఉందో చెప్పే పట్టికలో, కంపెనీ నడిపే వాళ్ల వాటా ప్రతి మూడు నెలలకూ తగ్గుతూ వచ్చింది. చిన్న చిన్న మొత్తాలు పెట్టే జనాల సంఖ్య మాత్రం పుట్టలోంచి చీమలు వచ్చినట్టు పెరిగింది. నేను కొనే యాప్‌లో ఆ షేరు పేరు పక్కన ఒక హెచ్చరిక గుర్తు కూడా ఉంది, ఎక్స్ఛేంజ్ దీని మీద నిఘా పెట్టిందని. ఆ గుర్తు నేను రోజూ చూస్తూనే ఉన్నాను. నొక్కి చదివింది మాత్రం ఆ రోజే.

బావకు ఫోను చేశాను.

“బావా, నీకు గిది చెప్పిన మహానుభావుడెవరు? ఆయన కాళ్లు మొక్కుత.”

“మా షిఫ్టుల పని జేసేటాయన.”

“ఆయనకెవరు జెప్పిన్రు?”

“టెలిగ్రామ్‌ల గ్రూపున్నది. మస్తు మంది ఉన్నరు. అందరు లాభాల స్క్రీన్‌షాట్లు వెడ్తున్నరు. గా గ్రూపు నడిపేటాయనకు సర్కారు లైసెన్సు గూడ ఉన్నది, నంబరు వెట్టిండు.”

“గా నంబరు నాకు పంపు. నేను గూడ పటం గట్టిచ్చి దండేస్త.”

పంపాడు. షేర్ల సలహాలు ఇచ్చేవాళ్ల పేర్లు, నంబర్లు మార్కెట్‌ను అదుపు చేసే సర్కారు సంస్థ వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతకవచ్చు. వెతికాను. ఆ నంబరు ఉంది, కానీ అది వేరే రాష్ట్రంలో ఉన్న ఇంకెవరిదో. గ్రూపు నడిపేవాడి పేరూ అది కాదు, ఊరూ అది కాదు. దుకాణంలో తవుడు బస్తాల మధ్య కూర్చుని ఆ రెండు పేర్లనూ మళ్లీ మళ్లీ సరిచూశాను. బావ అబద్ధమాడి ఉంటే ఇంత భయం వేసేది కాదు. అబద్ధమాడేవాడిని పట్టుకోవచ్చు. ఆయన నిజంగా నమ్మాడు.

ఆ సంగతి ఆ సాయంత్రమే చెప్పాను, ఈసారి నవ్వకుండా. బావకు కోపం వచ్చింది. “ఊరంతా ఒక తోవ, ఉలిపికట్టెది ఒక తోవ,” అన్నాడు. “నువ్వు కొననీకి భయపడుతున్నవని మామకు జెప్త.” చెప్పాడు కూడా. నాయిన నాకు ఫోను చేసి ఒక్క మాటే అన్నాడు: “పది మందిల మాటిచ్చిన బిడ్డా. నన్ను సిన్నగ జేయకు.”

నేను తప్పు చేస్తున్నానేమో అనిపించింది. నా చదువెంత, నేనెంత. బావ స్నేహితులందరూ సంపాదిస్తుంటే నేనొక్కదాన్నే శకునం పక్షిలా కూర్చున్నానేమో. నిజం చెప్పాలంటే ఆ రాత్రి కొనేద్దామనే అనుకున్నాను. పెద్దల డబ్బు, పెద్దల నిర్ణయం, నాకెందుకీ తద్దినం అనుకున్నాను.

గురువారం పొద్దున బావ గ్రూపులోని మెసేజ్ పంపాడు. ఈ రోజే ఆఖరి అవకాశం, షేరు దొరుకుతోంది, చేతిలో ఎంత ఉంటే అంత పెట్టండి, రేపటి నుంచి దొరకదు అని. కింద మంటల బొమ్మలు. రోజూ పెట్టే అలవాటు కొద్దీ ఇరవై షేర్ల ఆర్డర్ పెట్టాను. వేలు తీయకముందే ఫోను మోగింది. ఇరవయ్యీ వచ్చేశాయి.

మూడు రోజులుగా ఒక్కటి కూడా ఇవ్వని షేరు, ఈ రోజు అడిగీ అడగగానే ఒళ్లో పడింది.

చిన్నప్పుడు నాయిన వెంట బర్రెల అంగడికి పోయేదాన్ని. అమ్మేవాళ్లు ముందు రోజు పాలు పిండకుండా తోలుకొస్తారు, పొదుగు నిండుగా కనిపించాలని. అందుకే నాయిన ఏ బర్రెనూ రెండు పూటలు తన చేత్తో పిండి చూడనిదే కొనేవాడు కాదు. ఒకసారి మాత్రం ఒకడు, నాయిన చెప్పిన ధరలో సగానికి అడిగితే బేరమాడకుండా ‘తీస్కపో’ అన్నాడు. నాయిన వెంటనే చేతిలోని తాడు కింద పడేసి నన్ను లాక్కుని వచ్చేశాడు. ఎందుకు నాయినా అంటే, “గంత జల్దీ ఒప్పుకున్నడంటే, గా బర్రెల మనకు తెల్వనిదేందో వానికి తెల్సు,” అన్నాడు. చెయ్యి పట్టుకుని ఎంత వేగంగా నడిచాడో, నేను దాదాపు పరుగెత్తవలసి వచ్చింది.

ఇప్పుడు అమ్ముతున్నది ఎవరు? పై గీత దగ్గర మూడు రోజులు చేతులు కట్టుకుని కూర్చుని, ఆ మెసేజ్ వచ్చిన రోజే సరుకంతా బయటికి తెచ్చినవాళ్లు ఎవరు?

బావకు ఫోను చేశాను. పరాచికంగానే అన్నాను. ఇంకో దారిలో ఆయన వినడు. “బావా, పందెం. నీ షేర్లు అమ్మితె ఇప్పుడు పైసలొస్తయో రావో. లాభం ఉత్త ఫోన్ల కనబడుతాంది గని, చేతికొస్తదంటె నేను నమ్మ. నాలుగో వంతు అమ్మి సూపిచ్చు. పైసలొస్తె మామ పైసలన్ని గీ దినమే పెడ్త.”

“పందెమా? జూడు ఇగ,” అన్నాడు.

నాలుగో వంతు అమ్మాడు. క్షణంలో అమ్ముడుపోయాయి. “సూసినవా? పైసలు రావంటివి, కొనేటోళ్లు మస్తున్నరు,” అని గెలిచినవాడిలా నవ్వాడు.

“కొనేటోళ్లు ఎవరు బావా? నా లాంటి మరదలే గదా, ఎవలింట్లనో. ఇంక అమ్ము. పండుగ జేస్కో. దండం పెడ్త, మొత్తం అమ్ము.”

అప్పటికి నా గొంతులో పరాచికం లేదని ఆయనకూ అర్థమైంది. కానీ పందెం గెలిచినవాడు ఓడినవాళ్ల మాట వింటాడా. ఫోను పెట్టేశాడు. పందెం ప్రకారం నేను నాయిన డబ్బు పెట్టాలి. పెట్టలేదు. మాట తప్పాను. జీవితంలో నేను మాట తప్పిన సందర్భాల్లో ఇది ఒక్కటే నాకు సిగ్గు కలిగించనిది. అయినా ఆ సాయంత్రం నాయిన నాతో మాట్లాడనని అమ్మతో చెప్పించినప్పుడు ఏడ్చాను.

శుక్రవారం ధర కింది గీతకు అంటుకుంది. ఇప్పుడు కొనేవాళ్లు సున్న, అమ్మేవాళ్లు లక్షల కొద్దీ. సోమవారమూ అంతే. గ్రూపులో ఎవరూ ఏమీ రాయకుండా తాళం వేశారని, తర్వాత గ్రూపే కనబడకుండా పోయిందని బావ అక్కతో చెప్పాడు. అక్క నాకు ఫోను చేసింది. వంటింట్లోంచి అనుకుంటాను, కుళాయి తిప్పి మాట్లాడుతోంది.

“నా బంగారం కుదువ వెట్టి పైసలు తెచ్చిండే. అన్ని. పుస్తెలు దప్ప అన్ని. నాకు జెప్పే తీస్కపోయిండు, నేనే ఇచ్చిన. మనిషి తింటలేడు, పండుకుంటలేడు. నాకు బుగులైతాందే.”

ఆ మాటతో నాకు షేరు సంగతి పోయి, బావ సంగతి పట్టుకుంది. గంటకోసారి అక్కకు ఫోను చేసి ‘బావ ఏడున్నడు’ అని అడిగేదాన్ని. డ్యూటీకి పోయాడంటే ఫ్యాక్టరీకి చేరాడో లేదో కనుక్కోమనేదాన్ని.

మర్నాడు నాయిన దాణా దుకాణానికి వచ్చాడు. గౌడవెల్లి నుంచి ఎవరి బండి మీదనో వచ్చాడు. నాతో మాట్లాడకూడదనే పట్టు వదిలేసి, బస్తా మీద కూర్చుని, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని అన్నాడు.

“అల్లుని షేర్లు కొనేటోళ్లు లేరంట గదా. మనం కొందాం బిడ్డా. నా పైసలు నీ తాననే ఉన్నయి. ఆయనవి మనకొస్తయి, మన పైసలు ఆయనకు వోతయి. పెద్దబిడ్డ బంగారం ఇడిపిస్తరు. ఇంటి సొమ్ము ఇంట్లనే ఉంటది.”

అంత మంచి మనిషి అంత పొరపాటు మాట అనగా నేనెప్పుడూ వినలేదు. ఎంత సులువుగా ఉంది ఆ దారి. బావ ముందు తల దించుకునే పని లేదు, అక్క బంగారం వస్తుంది. పైగా ఆ క్షణంలో మార్కెట్ తెరిచే ఉంది. ఫోను నా ముందే ఉంది.

“నాయినా, పాల సెంటర్ల నీ క్యాను వరుసల ఆఖర్ల ఉందనుకో. పాలు కొననీకి ఒకడొచ్చిండు. ముందుగాల ఎవని పాలు తీస్కుంటరు?”

“ముందల నిలవడ్డోనివి.”

“గీడ గూడ గంతే. వరుస మన కండ్లకు కనవడది. గా గ్రూపోళ్లు, కంపెనీ దగ్గరోళ్లు మనకంటె ముందుగాల నిలవడ్డరు. బావ ఏడనో ఆఖర్ల ఉన్నడు. నీ పైసలన్ని వెట్టినా ముందున్నోళ్ల క్యాన్లే ఖాళీ అయితయి. బావదాంక రాదు. ఫలానా మనిషియి కొంటమని మార్కెట్ల అడగనియ్యరు.”

నాయిన తవుడు చేతిలోకి తీసుకుని వేళ్ల మధ్యనుంచి జారవిడిచాడు. తర్వాత లేచి, “పా, పెద్దబిడ్డ ఇంటికి పోదాం,” అన్నాడు. యజమానికి చెప్పి బొల్లారానికి ఆటో మాట్లాడాను.

బావ ఇంట్లోనే ఉన్నాడు. గడ్డం పెరిగి, కళ్లు లోపలికి పోయి, నాయినను చూసి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. ఈసారి అల్లుడి ముందు నాయిన నిలబడి ఉండిపోలేదు. నాయిన ఆయన పక్కనే మంచం మీద కూర్చున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో అల్లుడిని ఎన్నడూ అడగని మాట అడిగాడు.

“అల్లుడా, గీ షేరు మంచిదని నీకు ఎవరు జెప్పిన్రు?”

బావ స్నేహితుడి పేరు చెబుతాడనుకున్నాను, గ్రూపు పేరు చెబుతాడనుకున్నాను. తల అడ్డంగా ఊపాడు.

“తెల్వదు మామా. నాకు తెల్వదు. ఎవరో.”

అని మామ భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. అక్క తలుపు పట్టుకుని నిలబడింది. నాకు బావ మీద ఉన్న కోపమంతా అక్కడే పోయింది. భయం పోలేదు. బావ అంతటి మనిషి, నలభై మందికి పని చెప్పే మనిషి, ‘ఎవరో’ అన్న మాట మీద పెళ్లాం మెడలోని బంగారం తీసి పెట్టాడు. నేను ఆ ఇరవైతో ఆగాను కానీ, బుధవారం రాత్రి నాయిన డబ్బంతా పెట్టేదాన్నే.

తర్వాత బావ రోజూ మార్కెట్ తెరవకముందే అమ్మకం ఆర్డర్ పెట్టి వరుసలో నిలబడ్డాడు. కొన్ని వారాలకు, ధర ఎక్కడో అడుగుకు చేరాక, మిగిలినవి అమ్ముడుపోయాయి. వచ్చింది చాలా తక్కువ. పందెం కోసం అమ్మిన ఆ నాలుగో వంతుతో, నాయిన తన డబ్బులోంచి ఇచ్చిన కొంత కలిపి, అక్క గాజులు మాత్రం విడిపించారు. మిగిలిన డబ్బు మళ్లీ బ్యాంకులో వేశాం. అది మొదటిదానికంటే తక్కువే, కానీ ఉంది. నా ఇరవై షేర్లు నా ఖాతాలోనే ఉన్నాయి. గుర్తుగా ఉండాలని కావాలనే అమ్మలేదు.

బావ ఆ తర్వాత నాతో పరాచికాలు మానేశాడు. ఇంటికి వెళితే ‘తిన్నవామ్మా’ అని అడిగేవాడు, అంతే. ఆ ‘అమ్మా’ నాకు ముల్లులా గుచ్చుకునేది. నేనేదైనా జోకు వేసినా అందరూ ఒక్క క్షణం ఆయన ముఖం వైపు చూసేవాళ్లు, నవ్వవచ్చో లేదో అని.

మొన్న మధ్యాహ్నం దుకాణంలో ఉండగా బావ నుంచి ఫోను వచ్చింది.

“మరదలా, ఇంకో గ్రూపుల ఒక షేరు మెసేజ్ వచ్చింది,” అన్నాడు.

కుర్చీలోంచి లేచాను. “బావా, వద్దు,” అన్నాను.

“కొననీకి గాదే,” అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆ గొంతులో కొంచెం నవ్వు వినపడింది. “గిది ఎవరు అమ్ముతున్నరో జర సూడుమని.”